గోడలోంచి తీసిన కాయ

బ్యాక్‌గామన్ నెమ్మదస్తుల ఆట అనుకునేవాళ్ళు మా శనివారపు గదికి ఎప్పుడూ రాలేదన్నమాట. ట్రాయ్‌కి పక్క ఊళ్ళో ఒక స్ట్రిప్ మాల్, అందులో నెయిల్ సెలూన్‌కీ టాక్స్ ఆఫీసుకీ మధ్య ఒక కాఫీ షాపు, దాని వెనక గదిలో నాలుగు బల్లలు. అక్కడ కాయని ఎవరూ పెట్టరు, బాదుతారు. పాచికలు డబ్బాలో గలగలలాడించి విసిరితే చెక్క మీద దడదడ మోగుతాయి. ఓడినవాడు బోర్డు మూసే తీరుకి కాఫీ కప్పులు ఎగిరిపడతాయి. ఒకసారి ఒకాయన కుర్చీ ఎత్తి గోడకేసి కొడితే గోడకి బొక్క పడింది. షాపు ఓనరు, లెబనాన్ నుంచి వచ్చిన పెద్దాయన, దాని మీద ఒక క్యాలెండర్ వేలాడదీసి ఊరుకున్నాడు.

ఆ గదిలో ఆడమనిషిని నేనొక్కదాన్నే. నా కోపం సంగతి మా ఆఫీసులో అడగండి, ఇంట్లో అడగండి, ఒకే మాట చెబుతారు. టెస్టింగ్ ల్యాబ్‌లో నా పక్కన పనిచేసే ఇరాన్ ఆయన లంచ్ టైమ్‌లో ఈ ఆట నేర్పాడు. మొదటి వారంలోనే నాకు అర్థమైంది, ఇది నాకోసమే పుట్టిన ఆటని. ఆఫీసులో మేనేజర్ని ఏమీ అనలేం. ఇక్కడ ఎదుటివాడి కాయని చంపి మధ్యలో కూర్చోబెట్టొచ్చు, పైగా అందరూ బాగా ఆడావంటారు.

చంపడం అనేది నా మాట. అష్టాచెమ్మా ఆడి పెరిగినదాన్ని, వేరే మాట నోట రాదు. ఆట తెలియనివాళ్ళకి నాలుగు ముక్కల్లో చెబుతాను. ఇరవై నాలుగు గళ్ళు, చెరో పదిహేను కాయలు, ఇద్దరూ ఎదురెదురు దిక్కుల్లో నడిచి ఎవరి ఇంటికి వాళ్ళు చేరాలి, పదిహేనూ చేరాక వాటిని బోర్డు మీంచి ముందుగా తీసేసినవాడిదే గెలుపు. ఇల్లంటే చివరి ఆరు గళ్ళు, ఆ చిట్టచివరి గడినే మొదటిదిగా లెక్కపెడతారు. ఒక గడిలో రెండు కాయలుంటే అది కట్టుకున్న గడి, ఎదుటివాడు అక్కడ కాలు పెట్టలేడు. ఒక్కటే ఉంటే అది ఒంటికాయ, వాడి పాచిక అక్కడ పడితే చచ్చిందే. చచ్చిన కాయ మధ్య పట్టీ మీద కూర్చుని, మళ్ళీ ఎదుటివాడి ఇంట్లోంచే ప్రయాణం మొదలుపెట్టాలి. అక్కడ గళ్ళన్నీ కట్టేసి ఉంటే లోపలికి వెళ్ళలేదు, ఆ వంతు పోయినట్టే. ఇక వరసగా ఆరు గళ్ళు కట్టుకుంటే అది గోడ. పాచికలో ఆరుకి మించి లేదు కాబట్టి, గోడ వెనక చిక్కిన కాయ ఎంత మొత్తుకున్నా బయటికి రాలేదు.

ఆ వసంతంలో నా తమ్ముడు మా ఇంటి బేస్‌మెంట్‌లో ఉన్నాడు. వాడి కంపెనీ ఒక మంగళవారం పొద్దున మీటింగ్ పెట్టి టీమ్ మొత్తాన్ని తీసేసింది. హెచ్‌వన్‌బీ వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే అరవై రోజులు. ఆలోగా ఇంకో కంపెనీ వీడి పేరు మీద పిటిషన్ వేయాలి, లేకపోతే పెట్టె సర్దుకోవాలి. సగానికి పైగా రోజులు గడిచాక బెంటన్‌విల్‌లో ఒక చిన్న కంపెనీ సరేనంది. లాయరు పేపర్లు రెడీ చేస్తున్నాడు, వచ్చే వారం ఫైల్ చేస్తామన్నారు. ఆ వచ్చే వారం దాకా వీడి మీద ఈగ కూడా వాలకూడదు. ట్రాఫిక్ టికెట్ వస్తుందేమోనని కారు నడపడం మానేశాడు. పోలీసు కారు కనబడితే చాలు, ఫుట్‌పాత్ మీద వెళుతున్నవాడు కూడా నిలబడిపోయేవాడు.

రోజంతా ఫోను చూస్తూ కూర్చున్నవాణ్ణి చూడలేక శనివారాలు నాతో లాక్కెళ్ళాను. ముద్దపప్పులా ఆడేవాడు. ఏ కాయనీ ఒంటరిగా వదలడు, ఎవర్నీ చంపడు, కాయలన్నీ రెండు గళ్ళలో కుప్ప పోసుకుని కూర్చుంటాడు.

"ఏరా, వాటికి చలేస్తోందా, అన్నీ ఒకచోట పెట్టావు?" అనేదాన్ని.

"సేఫ్‌గా ఉంటాయి కదక్కా."

"సేఫ్‌గా ఉంటే ఎవడూ గెలవడు. ఎదుటివాడి ఇల్లు చూడు. వాడి ఇంట్లో గళ్ళు కట్టి లేనప్పుడు నీ కాయ చచ్చినా వెంటనే లోపలికొస్తావు, పోయేదేం లేదు. అప్పుడు కొట్టు. వాడి ఇల్లు గట్టిగా ఉన్నప్పుడు మాత్రం ఒంటికాయతో వేషాలేయకు."

చెప్పింది ఎక్కించుకునే బుర్ర వాడిది. నెల తిరిగేసరికి పెద్దవాళ్ళనే ముప్పుతిప్పలు పెట్టాడు. షాపులో స్ప్రింగ్ టోర్నమెంట్ పెడితే ఫైనల్‌దాకా వచ్చాడు. నన్ను సెమీఫైనల్‌లో ఓడించింది ఎవరో కాదు, ఆ కుర్చీ విసిరినాయనే. ఫైనల్ వాళ్ళిద్దరికీ.

అతనికి చెడిపోయిన కార్లని లాక్కెళ్ళే టో ట్రక్కుల వ్యాపారం. ఆరడుగుల పైన మనిషి, మెడ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియదు. ఆట మాత్రం బాగా వచ్చు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ కాయని చంపినప్పుడల్లా "అవుట్" అని ఎదుటివాడి మొహంలోకి చూసి నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. మా తమ్ముణ్ణి చూస్తే మరీ. "ఇంకా ఎన్నాళ్ళు ఉంటావ్ కిడ్? టిక్కెట్ బుక్ చేసుకున్నావా?" అని మొదటి ఆటకి ముందే మొదలుపెట్టాడు.

వీడి సంగతి అతనికెలా తెలుసని మేం మొహమొహాలు చూసుకున్నాం. ఎలా ఏముంది, మేమే చెప్పాం. నాలుగు వారాలుగా పక్క బల్ల దగ్గర కూర్చుని, తెలుగే కదా ఎవరికర్థమవుతుందిలే అని ధీమాగా మాట్లాడుకున్నాం. ఏం మాట్లాడుకున్నాం? "లేఆఫ్ అయ్యాక గ్రేస్ పీరియడ్ అరవై డేస్ కదక్కా, పిటిషన్ ఫైల్ అయ్యేదాకా పోలీస్ కేస్, అరెస్ట్ ఏదీ రికార్డ్‌లో ఉండకూడదని అటార్నీ వార్నింగ్ ఇచ్చాడు." దాంట్లో తెలుగు ఎంతుందో మీరే లెక్కపెట్టుకోండి. కూర, చారు తెలుగులో మాట్లాడుకుంటాం, ప్రాణం మీదికొచ్చిన విషయాలు మాత్రం ఇంగ్లీషులో మాట్లాడి తెలుగనుకుంటాం. పక్కనున్నవాడు ముక్క పొల్లుపోకుండా విన్నాడు.

ఫైనల్ చివరి ఆటకొచ్చింది. స్కోరు సమానం, ఈ ఆట గెలిచినవాడిదే టోర్నమెంట్. బల్ల చుట్టూ పదిమంది నిలబడ్డారు. నేను తమ్ముడి కుర్చీ వెనక.

మొదట్లోనే టో ట్రక్కాయన ఒక కాయని మా ఇంట్లో ఐదో గడిలోకి తెచ్చి ఒంటరిగా పెట్టాడు. తర్వాతి వంతులో దానికి జోడీ తెచ్చి అక్కడే పాతుకుపోదామని ఎత్తు. తమ్ముడికి పడ్డ పాచికతో దాన్ని చంపొచ్చు, కాని చంపితే అక్కడ మనదీ ఒంటికాయే. వాడు తల తిప్పి అతని ఇంటివైపు చూశాడు. అక్కడ ఒక్క ఆరో గడి తప్ప ఏమీ కట్టి లేదు. మనం చచ్చినా వెంటనే లోపలికి రావచ్చు. కొట్టాడు. కాయని బల్ల అదిరేలా బాదాడు, నా తమ్ముడు, ముద్దపప్పు. నా ఒళ్ళు పులకరించింది.

అతను తిరిగి కొట్టలేకపోయాడు. అక్కణ్ణుంచి ఆట యుద్ధమే. అతనికి వెనక చిక్కిన రెండు కాయల్లో ఒకటి తప్పించుకుంది. రెండోది మా ఇంట్లో మొదటి గడిలోనే ఉండిపోయింది. దాని ముందు తమ్ముడు ఒక్కో గడీ కట్టుకుంటూ వచ్చాడు. మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు. చివరికి రెండో గడి కూడా కట్టేశాడు. రెండు నుంచి ఏడు దాకా ఆరు గళ్ళ గోడ, సందు లేదు. నాకు నవ్వాగలేదు, పైకే నవ్వాను. అతను నా వంక చూశాడు. కణత మీద నరం ఉబ్బింది.

అతని వంతు. ఐదు, రెండు పడ్డాయి. అప్పుడు చేసిన పని చూడండి. చిక్కుకున్న కాయని పట్టుకుని, ఐదూ రెండూ ఏడని, ఒక్క దూకులో గోడ దాటించి ఎనిమిదో గడిలో టప్పున బాదాడు. అలా కుదరదు. రెండు పాచికలు రెండు అడుగులు. ముందు రెండు వేస్తే మూడో గడిలో ఆగాలి, ముందు ఐదు వేస్తే ఆరో గడిలో ఆగాలి, రెండూ మనవి. ఆట నేర్చుకున్న మొదటి రోజు పిల్లలకి చెప్పే సంగతి అది. అతనికి తెలియక కాదు.

"సారీ, దట్ ఈజ్ నాట్ లీగల్," అన్నాడు తమ్ముడు మెల్లగా. వేలితో ఆ కాయని వెనక్కి జరిపాడు.

వేలు ఇంకా కాయ మీదుండగానే అతను లేచాడు. ఎడం చేత్తో వీడి మెడ వెనక పట్టుకుని మొహాన్ని బోర్డుకేసి కొట్టాడు. నేను విన్న చప్పుడు చెక్కది కాదు. కాయలు గది నిండా చెదిరాయి. రెండోసారి కొట్టాడు. మూడోసారికి ఇద్దరు అతని భుజాల మీద పడి వెనక్కి లాగారు. తమ్ముడి ముక్కులోంచి రక్తం గడ్డం మీదుగా చొక్కా మీదికి కారుతోంది.

నేను పక్క బల్ల మీది బోర్డు ఎత్తాను. వాల్‌నట్ చెక్క, ఇత్తడి మూలలు. నా రెండు చేతులూ తల మీదికి లేచాయి, అతని తల నాకు అందేంత దూరంలోనే ఉంది. చంపాలనే ఎత్తాను, అబద్ధమెందుకు చెప్పాలి. ఆ క్షణం ఈ దేశం, వీసా, నా ఉద్యోగం, ఏదీ లేదు నా తలలో. తమ్ముడు కుర్చీలోంచి పాకినట్టు వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"వద్దక్కా. పోలీసులొస్తారు. ప్లీజ్ అక్కా, దించు."

వాడి రక్తం నా చేతి మీద పడింది. అంత దెబ్బ తిన్నవాడు నన్ను బతిమాలుతున్నాడు. దించాను.

ఓనరు పెద్దాయన అప్పటికే ఫోను తీశాడు, పోలీసులకి చేస్తానని. తమ్ముడు ఆ చేతినీ పట్టుకున్నాడు.

"నో పోలీస్ సర్. నాకేం కాలేదు."

"కొట్టినవాడు అతను, నువ్వెందుకు భయపడతావు?" అన్నాడు పెద్దాయన.

"తప్పెవరిదో తేలేలోగా నా పేరు పేపర్ మీదికొస్తుంది సర్. ఇప్పుడు రాకూడదు."

దెబ్బలు తిన్నవాడి పేరు రాసుకుంటే వీసాకి ఏమీ కాదని నేనంటాను. లాయరూ తర్వాత అదే అన్నాడు. కానీ పోలీసులొచ్చాక ఎవడు ఏం చెబుతాడో, అతను నువ్వే ముందు చెయ్యి చేసుకున్నావంటే ఎటు తిరుగుతుందో, ఆ వారంలో ఎవరు పందెం వేయగలరు? వాడు వేయదలుచుకోలేదు. మూలనుంచి టో ట్రక్కాయన నవ్వాడు. "చూశారా, వాడికి పోలీసులు వద్దు. అడిగి చూడండి." అదీ అతని ధైర్యం. వీడు నోరెత్తలేడని ముందే తెలిసి కొట్టాడు.

పెద్దాయన అతన్ని బయటికి పొమ్మన్నాడు, ఆట కుర్రాడిదే అన్నాడు. తమ్ముడు ఒప్పుకోలేదు. పేపర్ టవల్ ముక్కుకి అదుముకుని కుర్చీ సరిచేసుకున్నాడు.

"ఆడి గెలుస్తాను. కూర్చోమనండి."

వద్దురా, హాస్పిటల్‌కి పోదాం అన్నాను. వినలేదు. ఆ కళ్ళు చూశాక నేనే కాయలు ఏరాను. రక్తం తుడిచి, ఏ కాయ ఎక్కడుందో గుర్తు తెచ్చుకుని పెట్టాను. చుట్టూ ఉన్నవాళ్ళు సరేనన్నారు. అతను ఆ ఐదూ రెండూ నియమం ప్రకారం వేరే కాయలతో వేసుకున్నాడు. వేసుకోడానికి అవే ఆఖరు. గోడ వెనక చిక్కింది తప్ప అతని కాయలన్నీ ఇంట్లోకి చేరిపోయాయి, ఐదు గళ్ళు కట్టుకుని ఉన్నాడు. బయట కదిలించడానికి ఏమీ లేదు. తర్వాతి వంతులో పాచిక దాదాపు ఏది పడ్డా ఆ ఇల్లు అతని చేత్తోనే పీక్కోవాలి.

ఇక్కడ తమ్ముడు చేయాల్సింది ఒక్కటే, ఆగడం. మిగిలిన మూడు కాయలు దూరంగా ఉన్నాయి. వాటిని తాపీగా నడిపించుకుంటూ రావాలి. వాటిని చంపేవాడు లేడు, అతని ఒక్క కాయా గోడ వెనకుంది. మూడు నాలుగు వంతులు ఆగితే అతని ఇల్లు కూలిపోతుంది, ఆ తర్వాత వాడిని కొట్టు, కొట్టకపో, గెలుపు నీదే. ఇప్పుడు కొట్టడమంత తెలివితక్కువ పని లేదు. కొడితే అతని కాయ మధ్య పట్టీ మీద కూర్చుంటుంది, అది లోపలికొచ్చేదాకా అతను ఇంకో కాయ కదిలించే పని లేదు. అంటే కూలిపోబోయే ఇంటికి మనమే గుంజ పాతినట్టు.

తమ్ముడు పాచికలు విసిరాడు. ఆరు, మూడు. దూరంగా ఉన్న కాయలతో రెండూ వేసుకోవచ్చు, ఏ భయమూ లేదు.

వాడు గోడ వైపు చెయ్యి చాచాడు. ఏడో గడి మీద, గోడకి చిట్టచివర ఉన్న రెండు కాయల్లో ఒకదాన్ని పట్టుకున్నాడు. ఆ ఆరుతో అది సరిగ్గా మొదటి గడిలో, అతని కాయ నెత్తిన పడుతుంది. ఒరేయ్ వద్దు అనబోయాను. పక్కవాళ్ళు సలహా ఇవ్వకూడదన్నది నియమం. నియమం కోసం ఆగానని మాత్రం అనను. ఈ రెండు నెలల్లో వాడు మీటింగ్‌లో తీసేసినవాళ్ళని ఏమీ అనలేదు, ఫోన్ ఎత్తని కన్సల్టెన్సీలని ఏమీ అనలేదు, మొహం పగలగొట్టినవాడి మీద కంప్లైంట్ ఇవ్వలేదు. వాడికి కొట్టడానికి ఈ లోకంలో దొరికింది ఆ ఒక్క కాయ.

బాదాడు. ఆ చప్పుడుకి పెద్దాయన కాఫీ కౌంటర్ దగ్గర వెనక్కి తిరిగాడు. "అవుట్," అన్నాడు తమ్ముడు, అతని మొహంలోకి చూస్తూ. మాటతోపాటు రక్తపు తుంపర బోర్డు మీద పడింది. తర్వాత ఆ మూడు ఎక్కడో వేశాడు.

ఇప్పుడు మొదటి గడిలో మనది ఒంటికాయ, ఏడో గడిలో ఇంకో ఒంటికాయ. ముప్పై ఆరు రకాలుగా పడే పాచికల్లో పదకొండు అతనికి పనికొస్తాయి, రెండు పాచికల్లో దేని మీదైనా ఒకటి పడితే చాలు. అన్నిటికన్నా ఘోరమైనది ఆరూ ఒకటీ. ఒకటితో లోపలికొచ్చి మొదటి కాయని చంపి, ఆరుతో అక్కణ్ణుంచి దూకి రెండోదాన్నీ చంపొచ్చు. అది ముప్పై ఆరులో రెండే రెండు.

అతను డబ్బా ఊపాడు. పాచికలు దొర్లాయి. ఆరు. ఒకటి.

అతను మొదటిదాన్ని చంపాడు, గోడలో తమ్ముడే చేసిన సందులోంచి రెండోదాన్ని చంపాడు. విచిత్రమేమిటంటే ఈసారి బాదలేదు, మెల్లగా పెట్టాడు, నవ్వలేదు కూడా. తమ్ముడి రెండు కాయలు పట్టీ మీద, ఎదురుగా ఐదు గళ్ళు మూసిన ఇల్లు. వాడు విసిరాడు, రాలేదు. మళ్ళీ విసిరాడు, రాలేదు. అతని కాయ ఇంటికి చేరిపోయింది. ఆ తర్వాత ఆట ముగించడం లాంఛనమే.

చివర్లో అతను చెయ్యి చాచాడు. ఆట అయ్యాక చెయ్యి కలపడం అక్కడ ఆనవాయితీ. వాడు కలపకూడదని నేను దేవుడికి మొక్కుకున్నాను. వాడు కలిపాడు. నిలబడి, కళ్ళలోకి చూసి, చెయ్యి కలిపాడు. నాకు అక్కడే ఏడుపొచ్చింది, కోపంతో వచ్చే ఏడుపు.

కార్‌లో కూర్చున్నాక నా నోరు ఊరుకోలేదు.

"ఆగి ఉంటే గెలిచేవాడివి కదరా. తెలిసే చేశావా?"

"తెలిసే చేశానక్కా."

"మరి?"

వాడి ముక్కు వాచి కళ్ళు సగం మూసుకుపోయాయి. "వాడి ఇల్లు దానంతటది కూలిపోతే నాకేం వస్తుందక్కా. నా చేత్తో ఒక్కసారి కొట్టాలనిపించింది," అన్నాడు. అని డాష్‌బోర్డుని గుద్దాడు. ఒకసారి కాదు. పిడికిలి చర్మం లేచిపోయేదాకా గుద్దాడు. నేను ఆపలేదు, ఇంజన్ ఆన్ చేసి ఎదురుగా చూస్తూ కూర్చున్నాను.

అర్జెంట్ కేర్ క్లినిక్‌లో నర్సు ఎలా జరిగిందని అడిగితే, నేను నోరు తెరిచేలోగా వాడే ఒక అబద్ధం చెప్పాడు. ముక్కు ఎముక విరిగింది. తర్వాతి వారం పిటిషన్ ఫైలయ్యింది, వాడు బెంటన్‌విల్ వెళ్ళిపోయాడు. ఇప్పుడక్కడ బాగానే ఉన్నాడు, కారు నడుపుతున్నాడు, పెళ్ళి కూడా కుదిరింది. ముక్కు మాత్రం కొంచెం ఎడమకి వంగి ఉండిపోయింది. మొన్న పెళ్ళికూతురివాళ్ళు అడిగారు, ఆ ముక్కు ఏమైంది బాబూ అని. క్రికెట్ బాల్ తగిలిందని చెప్పాడు. నేను పక్కనే కూర్చుని, ఔనండీ, హెల్మెట్ పెట్టుకోమంటే వినడు అన్నాను.